అమ్మ పెళ్లిలో కూతురి ప్రసంగం: రాయడం, సరిచూడడం, చదవడం

భర్తను పోగొట్టుకున్న తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటున్నప్పుడు, వచ్చినవాళ్లలో చాలామంది వధూవరుల కంటే ఎక్కువగా ఆమె పిల్లల ముఖాలు గమనిస్తారు. పిల్లలు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, సర్దుకున్నారా అన్న సందేహం పైకి అనకపోయినా చాలామంది మనసులో ఉంటుంది. కూతురు మైకు అందుకున్న క్షణంలో ఆ సందేహానికి జవాబు దొరుకుతుందని అందరూ ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు తెలిసినందువల్లే కూతురు తడబడి, అవసరానికి మించి ఒప్పుదల ప్రకటిస్తుంది, లేదా తల్లి పడిన కష్టాలన్నీ ఏకరువు పెట్టి ఈ పెళ్లి ఎందుకు న్యాయమో నిరూపించే పనిలో పడుతుంది. ఈ రెండింటివల్లా సభ ఇబ్బందిగా కదులుతుంది. అమ్మ పెళ్లికి కూతురు అనుమతి ఇచ్చే పెద్ద కాదు, వాదించే వకీలూ కాదు. ఆ ఇంటి మనిషిగా, జరిగినదాన్ని దగ్గరనుంచి చూసిన మనిషిగా మాట్లాడితే చాలు. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ ఒక్క స్థానంలో నిలబడడానికే.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తల్లికి అరవై దాటాయి, కాకినాడ దగ్గర జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒక కూతురు, ఒక కొడుకు. ఆమె పెళ్లి చేసుకుంటున్నాయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, భార్యను కోల్పోయారు, ఆయనకూ ఇద్దరు పిల్లలు. ఊళ్లో అందరూ ఆయనను ఇంజనీరుగారు అంటారు. ఉదయం రిజిస్ట్రేషను, మధ్యాహ్నం చిన్న హాల్లో అరవై, డెబ్భై మందికి భోజనాలు.

మొదటి మెట్టు: ఎప్పుడు, ఎంతసేపు

రాయడానికి ముందే సమయం తేల్చుకోవాలి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద జరిగే పెళ్లిలో నోటీసు ఇచ్చాక 30 రోజుల గడువు దాటిన తర్వాత, ముగ్గురు సాక్షుల సమక్షంలో సంతకాలు జరుగుతాయి. ఆ కార్యాలయంలో వెనక మరో జంట నిలబడి ఉంటుంది కనుక అది ప్రసంగానికి చోటు కాదు. గుడిలోనో, ఆర్యసమాజ పద్ధతిలోనో పెళ్లి జరిగితే, తంతు మధ్యలో పురోహితుణ్ణి ఆపి మాట్లాడడమూ బాగుండదు. మొదటి బంతి కూర్చోవడానికి పది నిమిషాల ముందు వేళ అన్నివిధాలా అనువైనది. అప్పటికి వచ్చేవాళ్లు వచ్చి ఉంటారు, తినేవాళ్లు ఇంకా చెయ్యి కడగలేదు. భోజనాలు మొదలయ్యాక మాట్లాడితే సగంమంది వడ్డన చూస్తుంటారు, మిగతా సగం రెండో బంతి కోసం కుర్చీల వెనక నిలబడి ఉంటారు.

నాలుగు నిమిషాలు దాటవద్దు. తెలుగు నిదానంగా, విరామాలతో చదివితే నిమిషానికి తొంభై, వంద మాటలకు మించి సాగదు కనుక మూడువందల మాటల లోపల రాసుకుని, గడియారం పెట్టుకుని ఒకసారి గట్టిగా చదివి చూడాలి. ఇంకో రెండు నిమిషాలు దొరికితే ఏం చెబుతామో ఆలోచిస్తే తెలుస్తుంది, ఆ అదనపు భాగం దాదాపు ఎప్పుడూ సంజాయిషీయే అవుతుంది.

రెండో మెట్టు: ముందుగా ఎవరిని అడగాలి

సాధారణ పెళ్లిలో ప్రసంగం వధువుకు తెలియకుండా ఉంటే సరదాగా ఉండవచ్చు. ఇక్కడ ఆశ్చర్యానికి చోటు లేదు. అమ్మతో విడిగా కూర్చుని రెండు ప్రశ్నలు అడగాలి: నాన్న ప్రస్తావన ఉండవచ్చా, ఉంటే ఎంతవరకు? తామిద్దరి పరిచయం గురించి సభలో ఏది చెప్పవచ్చు, ఏది వద్దు? మొదటి ప్రశ్నకు ఆమె వద్దంటే కారణం అడగకుండా వదిలేయాలి. ప్రసంగంలో ఆయన పేరు రాకపోయినంత మాత్రాన ఎవరూ ఆయనను మరిచినట్టు కాదు. చాలామంది తల్లులు ఒక్క మాట ఉంటే బాగుంటుందనే అంటారు గానీ, ఆ మాట తాము ముందుగా వినాలని కోరుకుంటారు. మైకులో హఠాత్తుగా వింటే పెళ్లిపీటల మీద కూర్చున్న మనిషి కన్నీళ్లు ఆపుకోవలసివస్తుంది, పక్కన కూర్చున్నాయనకు ఎటు చూడాలో తెలియదు.

అమ్మ పెళ్లి చేసుకుంటున్నాయనను అడగవలసింది ఒకటే: కీర్తిశేషురాలైన భార్య ప్రస్తావన చేయవచ్చా? ఆ జవాబు ఆయన ఒక్కరిదే కాదు, ఆయన పిల్లలది కూడా. వాళ్లు వద్దనుకుంటే మన నాన్న గురించిన వాక్యాన్ని ఇంకా చిన్నది చేసుకోవడం మర్యాద, ఎందుకంటే ఒకరి జ్ఞాపకం సభలో పలికి మరొకరిది పలకకపోతే ఆ తేడా వాళ్లకు గుచ్చుకుంటుంది. నాన్నమ్మగాని, నాన్న తరఫు బాబాయి, మేనత్తలుగాని వస్తున్నట్లయితే వాళ్లకు మొత్తం ప్రసంగం చదివి వినిపించనక్కర లేదు, నాన్న గురించిన ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంచితే చాలు. ఆ రోజున అక్కడికి రావడమే వాళ్లకు తేలిక పని కాదు.

మూడో మెట్టు: ఏ సంబోధన వాడాలి

ఇబ్బంది ఎక్కువగా పుట్టేది ఇక్కడే. అమ్మ భర్తను సభలో ఏమని పిలవాలన్న ప్రశ్నకు సరైన జవాబు, ఇన్నాళ్లూ ఇంట్లో ఏమని పిలుస్తున్నామో అదే. పేరు చివర 'గారు' చేర్చి పిలుస్తుంటే అలాగే, అంకుల్ అంటుంటే అదే, బాబాయిగారు అన్న పిలుపు ఏ కారణంగానో కుదిరిపోయి ఉంటే అదే. ఇంట్లో ఎన్నడూ పిలవకుండా మైకులో మొదటిసారి 'నాన్నగారూ' అనడం చప్పట్లు తెస్తుందేమో గానీ, నాన్న తరఫువాళ్లను నొప్పిస్తుంది, ఆయనను ఇరకాటంలో పెడుతుంది, మర్నాటినుంచి ఆ పిలుపును నిలబెట్టుకోవలసిన బరువు మన మీద పడుతుంది. ఆయన పిల్లలను కూడా 'ఈ రోజు నుంచి నాకు అన్నయ్య' అని ప్రకటించవద్దు. వరుసలు వాటంతట అవి కుదురుకోవాలి.

ఇంకొక మర్యాద ఉంది. కూతురు వయసులో చిన్నది గనుక తల్లిని ఆశీర్వదించకూడదు. 'నిండు నూరేళ్లు', 'పిల్లాపాపలతో' వంటి వాడుక దీవెనలు ఎవరు పలికినా ఈ సందర్భంలో వింతగా వినిపిస్తాయి. నమస్కరించి, దీవించమని పెద్దలను కోరి ముగిస్తే సరిపోతుంది.

నాలుగో మెట్టు: పక్కన పెట్టవలసిన మాటలు

రాయడానికి కూర్చోగానే కొన్ని వాక్యాలు వాటంతట అవే కలంలోకి వస్తాయి. 'అమ్మ నుదుట మళ్లీ బొట్టు చూశాను', 'మోడు చిగురించింది', 'ఇల్లు మళ్లీ కళకళలాడుతోంది' ఆ కోవలోవే. వీటిలో లోపం ఏమిటో తెలియాలంటే హాల్లో ఇంకెవరు కూర్చున్నారో గుర్తుచేసుకోవాలి. పెద్దమ్మో, మేనత్తో, పొరుగింటావిడో భర్త పోయి ఒంటరిగానే ఉంటున్నవాళ్లు అక్కడ తప్పకుండా ఉంటారు. బొట్టు లేని బతుకు మోడు అని మనం అమ్మను మెచ్చుకుంటూ అంటే, వాళ్లను వాళ్ల ఎదుటే మోడు అన్నట్టు అవుతుంది. పైగా చాలామంది తల్లులు భర్త పోయాక కూడా బొట్టు పెట్టుకునే ఉన్నారు, ఉద్యోగం చేశారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు. ఆ కాలమంతా చీకటి అనడం అమ్మకు కూడా అన్యాయమే.

'లోకం ఏమనుకున్నా మేము అమ్మ వెంట ఉన్నాం' అన్నది కూడా అటువంటిదే. దాన్ని వినగానే లోకం ఏమంది, ఎవరన్నారు అని జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పిలవని విమర్శకులను మనమే హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టినట్టు అవుతుంది. 'అమ్మను బాగా చూసుకోండి' అని ఆయనకు చెప్పడం మామూలు పెళ్లిలో అప్పగింతల మాట. ఇక్కడ అది ఒక బాధ్యతను మన చేతినుంచి ఆయన చేతిలో పెట్టినట్టు ధ్వనిస్తుంది. 'ఈ రోజు నేనే అమ్మకు అప్పగింతలు పెడుతున్నాను' అన్న హాస్యం మాత్రం, ఇంట్లో ఆ మాట మొదట అమ్మే అని నవ్వి ఉంటే, వాడుకోవచ్చు. ఆస్తి, పింఛను, ఎవరు ఏ ఇంట్లో ఉంటారన్న విషయాలు నవ్వులాటకైనా రాకూడదు.

చరిత్ర సంగతి కాస్త ఆలోచించవలసిందే. గోదావరి జిల్లాల వాళ్లయితే, కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన సంగతి చెప్పాలని అనిపించడం సహజం. నా ఉద్దేశంలో కూతురి ప్రసంగంలో అది వద్దు. ఆ పోరాటం బాలికలుగా ఉండగానే వితంతువులైనవారి కోసం, వాళ్ల తరఫున పెద్దవాళ్లు జరిపినది. ఇక్కడ పెద్ద వయసు స్త్రీ తన ఇష్టంతో తానే తీసుకున్న నిర్ణయం ఉంది. పంతులుగారి పేరు రాగానే పెళ్లికూతురు సంస్కరణకు ఉదాహరణగా మారిపోతుంది. తెలుగు మాస్టారో, మేనమామో చెబుతానంటే ఆ సంగతి వాళ్లకు వదిలేయవచ్చు.

ఐదో మెట్టు: ఒక్క సంఘటన ఎంచుకోవడం

ఆయన మంచివారు, సౌమ్యులు అని విశేషణాలు పేర్చితే ఎవరికీ గుర్తుండదు. ఆయన అమ్మతో మెలిగిన ఒక్క చిన్న సంఘటన చెబితే అందరూ ఆయనను చూసినట్టు అవుతుంది. ఆ సంఘటన మూడు పరీక్షలు దాటాలి: మనం స్వయంగా చూసినదో అమ్మ నోట విన్నదో కావాలి, నలుగురిలో చెప్పినా ఇద్దరికీ సిగ్గు కలగకూడదు, అందులో అమ్మ దీనురాలిగా కనబడకూడదు. ఆసుపత్రిలో ఆమెకు తోడుగా కూర్చున్న రాత్రి కంటే, ఆమె ఏదో పనిమీద ఉన్నప్పటి సంఘటన మేలు.

మనం ఊహించుకున్న కుటుంబంలో అటువంటిది ఒకటి దొరికింది. పెన్షనర్లు ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ కోసం అమ్మ ట్రెజరీకి వెళ్తే యంత్రంలో వేలిముద్ర పడలేదు. వయసు పైబడినవాళ్లకు వేలిగీతలు అరిగి ఇలా జరగడం మామూలే. వెనక నిలబడి ఉన్న ఇంజనీరుగారు సాయపడ్డారు. ఈ సంఘటనలో ఒక వల కూడా ఉంది. బతికి ఉన్నట్టు ధ్రువీకరించే చోటే కొత్త జీవితం మొదలైంది అన్న వాక్యం దాని వెంటనే తోస్తుంది. తోచినా కొట్టేయాలి. ఆ మాట అంటే అంతకుముందు ఆమె బతికి లేనట్టు అవుతుంది, పైగా కథలోని నవ్వు చెడిపోతుంది.

ఆరో మెట్టు: రాతప్రతి

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఆ కూతురు రాసుకున్న ప్రసంగం ఇలా ఉండవచ్చు.

"అందరికీ నమస్కారం. ఈ ఉదయం రిజిస్ట్రారు కార్యాలయంలో సాక్షుల సంతకాల్లో ఒకటి నాది. నా ప్రోగ్రెస్ కార్డుల మీద అమ్మ ఎన్నో సంతకాలు పెట్టింది గానీ, అమ్మ కాగితం మీద నేను పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టే ముందు మొత్తం చదివి పెట్టమంది. చదివే పెట్టాను.

అమ్మ గురించి మీకు నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు. మీలో చాలామంది ఆమె దగ్గర సైన్సు చదువుకున్నవాళ్లే. ఇంట్లో గోడ గడియారం ఇప్పటికీ ఐదు నిమిషాలు ముందే నడుస్తుంది, ఫస్టు బెల్లు ఎవరూ తప్పకూడదని.

ఇంజనీరుగారు అమ్మకు పరిచయమైంది ట్రెజరీలో. అమ్మ వేలిముద్ర యంత్రంలో పడలేదు. పది వేళ్లూ అయిపోయాయి. వెనక నిలబడి ఉన్న ఈయన, చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మని చెప్పి, తిరిగి వచ్చేదాకా అమ్మ సంచీ పట్టుకుని, తన వంతు వచ్చినా వదులుకుని నిలబడ్డారట. ఆ సాయంత్రం ఫోనులో అమ్మ యంత్రం గురించి రెండు నిమిషాలు చెప్పింది. ఈయన గురించి పది నిమిషాలు చెప్పింది.

నేను, తమ్ముడు మా నాన్న చేతుల్లో పెరిగినవాళ్లం. ముందుగదిలో ఉన్న ఆయన ఫొటో ఉన్నచోటే ఉండాలని మాకంటే ముందు అన్నది ఇంజనీరుగారే. ఈయన గురించి నేను చెప్పగలిగిన పెద్ద మాట అదే.

వారి అబ్బాయి, అమ్మాయి ఈ భోజనాల ఏర్పాటు మొత్తం భుజాన వేసుకున్నారు. కాబట్టి పులిహోర బాగుంటే వాళ్లకు చెప్పండి, ఉప్పు తక్కువైతే మా తమ్ముడికి చెప్పండి.

అమ్మా, నువ్వు తొందరపడకుండా, నీకు నువ్వుగా ఆలోచించుకుని ఈ నిర్ణయం తీసుకోవడం దగ్గరుండి చూశాను. నీ సంతోషం చూస్తే నాకు సంతోషంగా ఉంది. ఇంజనీరుగారూ, మీకు నా నమస్కారం. పెద్దలందరూ ఇద్దరినీ దీవించండి. మొదటి బంతికి ఆకులు వేశారు, దయచేయండి."

ఇది దాదాపు రెండు నిమిషాలు సాగుతుంది, నవ్వులకు, విరామాలకు చోటు మిగులుతుంది. ఇందులో 'నాకు ఇష్టమే' అన్న మాట ఎక్కడా లేదు. సాక్షి సంతకం గురించిన మొదటి పేరా ఆ పని చేసేసింది. సంతకం పెట్టినవాళ్లను ఇష్టమేనా అని ఎవరూ అడగరు. రిజిస్ట్రేషను లేని పెళ్లయితే ఆ స్థానంలో నిజంగా చేసిన మరో పనిని పెట్టుకోవాలి, అమ్మతో కలిసి చీర కొనడానికి వెళ్లడమో, శుభలేఖల చిరునామాలు రాయడమో. నాన్న వాక్యం మధ్యలో ఉండడం కూడా కావాలని చేసినదే. మొదట్లో ఉంటే సంస్మరణ సభలా మొదలవుతుంది, చివర్లో ఉంటే జనం ఆ బరువుతోనే భోజనానికి లేస్తారు. అందుకే అది కథ నవ్వు తర్వాత వచ్చి, వెంటనే ఇంజనీరుగారి మర్యాద వైపు తిరిగి, పులిహోర దగ్గర తేలికపడుతుంది.

మనసులో ఇంకా కొంత సందిగ్ధం మిగిలి ఉన్న కూతురు ఈ ప్రతిలోని చివరి పేరాను తనకు తగ్గట్టు మార్చుకోవాలి. సంతోషంగా ఉందని అనలేకపోతే అమ్మ నవ్వు చూశానని అనవచ్చు, అది అబద్ధం కాదు. ఆ సందిగ్ధాన్ని ఒప్పుకుంటూ 'మొదట నాకు కష్టంగా అనిపించింది, తర్వాత అర్థమైంది' అని చెప్పడం నిజాయతీగా తోస్తుంది గానీ, దానివల్ల పెళ్లికథ కూతురి కథగా మారుతుంది. ఆ మాట అమ్మతో వంటింట్లో అనవలసినది.

ఏడో మెట్టు: చదవడం

ఫోనులో చూసి చదవవద్దు. సరిగ్గా అప్పుడే కేటరింగు అతను ఫోను చేస్తాడు. పెద్ద అక్షరాలతో కాగితం ఒక వైపే రాసుకుని, గొంతు పట్టుకునే అవకాశం ఉన్న వాక్యం కింద గీత గీసుకోవాలి. ఆ చోటు గట్టిగా చదువుతున్నప్పుడే తెలుస్తుంది, ప్రతిసారీ ఒకే దగ్గర వస్తుంది. ఈ ప్రతిలో అది ఫొటో వాక్యం. అక్కడ నిజంగా గొంతు ఆగిపోతే క్షమాపణ చెప్పకుండా ఒక గుక్క నీళ్లు తాగి, ఆగిన వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టకుండా నేరుగా భోజనాల పేరాకు వెళ్లిపోవాలి. మిగిలినది సభ అర్థం చేసుకుంటుంది. తమ్ముడి చేతిలో రెండో ప్రతి ఉంచితే మరీ కదలలేని స్థితిలో ఆ పేరా అతను చదువుతాడు. చదివేటప్పుడు చూపు ఎక్కువసేపు అమ్మ మీద కాకుండా జనం మీద ఉంచడం ఇద్దరికీ మేలు.

మేళం వాళ్లకు ముందుగానే చెప్పి ఉంచకపోతే కూతురి చివరి మాట మీదే డోలు మోగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ప్రసంగం అయ్యాక మైకు ఎవరికి అందించాలో ముందే అనుకోవాలి. టేబులు మీద వదిలేస్తే ఉత్సాహం పొంగిన పెద్దాయన ఒకరు అందుకుని, 'ఈ వయసులో తోడు అవసరం' అనో, 'పిల్లల పెద్ద మనసు' అనో మొదలుపెట్టి మనం తప్పించినదంతా వెనక్కి తెస్తారు. తమ్ముడు మైకు తీసుకుని భోజనాలకు పిలిచి, స్విచ్చి ఆపేయడం సులువైన ఉపాయం.

బంతిలో పక్కన కూర్చున్నవాళ్లు, 'మరి ఆయన్ని ఇకనుంచి ఏమని పిలుస్తావమ్మా?' అని తప్పకుండా అడుగుతారు. 'ఇన్నాళ్లూ పిలిచినట్టే, ఇంజనీరుగారనే' అని చెప్పి, వాళ్ల ఆకులో ఏం తక్కువైందో చూడాలి.